నాన్నగారి చందా మీరు రద్దు చేయించాలంటే

ప్రశ్న: మా నాన్నగారికి 79 ఏళ్లు, చెవులు సరిగ్గా వినపడవు. ఆయన పేరున ఉన్న ఒక ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్‌కు నెలనెలా కార్డులోంచి డబ్బు పోతోంది. ఆపేయమని ఆయనే చెప్పారు. నేను ఫోన్ చేస్తే, "ఖాతాదారుతోనే మాట్లాడతాం" అని పెట్టేశారు. కూతురిగా నాకు హక్కు లేదా?

జవాబు: కూతురైనంత మాత్రాన ఆ హక్కు రాదమ్మా. ఒప్పందం ఆయనకూ కంపెనీకీ మధ్య ఉంది. ఆయన ఇచ్చిన అనుమతే మీ అధికారం, అది వాళ్లకు తెలిసేలా చేయాలి.

ముందు కార్డు స్టేట్‌మెంట్‌లో డబ్బు ఎవరి పేరుకు వెళ్తోందో చూడండి. యాప్ స్టోర్ పేరు కనిపిస్తే, నాన్నగారు పక్కనుండగా ఆయన ఫోన్‌లోనే, స్టోర్ ఖాతాలో ఉన్న సబ్‌స్క్రిప్షన్ల పేజీలో రద్దు చేయాలి. యాప్ తీసేస్తే చందా ఆగదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కంపెనీ పేరే ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకర్ పెట్టి ఫోన్ చేయండి. మామూలుగా పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, నమోదైన ఫోన్ నంబరు, కార్డు చివరి 4 అంకెలు అడుగుతారు. ఓటీపీ కూడా పంపవచ్చు. వాళ్ల ప్రశ్న మీరు ఆయనకు గట్టిగా చెప్పండి, జవాబు మాత్రం ఆయన నోటే రావాలి. తర్వాత ఆయన ఇలా అంటే చాలు: "మా అమ్మాయి నా తరఫున మాట్లాడుతుంది. చందా రద్దు చేయించడానికి, డబ్బు వాపసు అడగడానికి నేను ఒప్పుకుంటున్నాను." వాపసు మాట కావాలనే చేర్చాను. అనుమతి ఆయన చెప్పినంత మేరకే పనిచేస్తుంది. రద్దుకు మాత్రమే ఒప్పుకుంటే వాపసు దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. రద్దయినట్టు మెయిలో రిఫరెన్స్ నంబరో తీసుకునేదాకా ఫోన్ పెట్టేయకండి.

ఆయన ఫోన్‌లో మాట్లాడలేకపోతే అదే విషయం ఉత్తరంగా రాసి, ఖాతా వివరాలు, తేదీ, సంతకంతో పంపండి. ఇద్దరి గుర్తింపు కార్డుల కాపీలు అడగవచ్చు. పంపేటప్పుడు ప్రతి కాపీ మీద "చందా రద్దు కోసం మాత్రమే" అని రాయండి. పూర్తి కార్డు నంబరు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఇంత చిన్న పనికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలని పట్టుబడితే, "ఖాతాదారే స్వయంగా రాసి అడుగుతున్నారు" అని చెప్పి, ఆయన చేతే ఆయన మెయిల్ నుంచి రద్దు కోరించండి. అప్పుడు మీ అధికారం ప్రశ్నే రాదు.

ఒక్కటి మాత్రం చేయకండి. టెన్షన్‌లో మీరే ఆయనలా మాట్లాడవద్దు. అనుమతి ఉన్నా అది వేరొకరిలా నటించి మోసగించడమే. అనుమానం వస్తే ఖాతా స్తంభింపజేయవచ్చు.

ఇదంతా ఆయనకు విషయం అర్థమవుతున్నంత వరకే. మతిమరుపు ముదిరి తెలివిడి పోతే, సాధారణ అనుమతి పత్రం చెల్లకుండా పోతుంది. తెలివిడి పోయాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీని కొన్ని దేశాల చట్టాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకునే చోట కూడా ఆయన తెలివిడిగా ఉన్నప్పుడే రాయించాలి. ఆ సంగతి మీ దగ్గరి న్యాయవాదిని ఇప్పుడే అడగండి.