ఫోటో చూసి పాత నగల పేర్లు చెప్పడం ఎలా?

ప్రశ్న: నానమ్మ పాత ఫోటోల్లో కాళ్లకు, నడుముకు, ముక్కుకు ఉన్న నగల పేర్లు తెలియడం లేదు. ఫోటో చూసి ఎలా గుర్తుపట్టాలి?

మా నాన్నగారు వెండి బంగారాల పని చేసేవారు. ఎవరైనా ఫోటో తెస్తే నగ మీది పువ్వులూ లతల జోలికి పోకుండా, అది ఒంటి మీద ఎలా నిలబడిందో చూసేవారు. నేనూ అదే పద్ధతిలో చూస్తాను. పనితనం ఊరికో రకంగా మారుతుంది కానీ, నగ నిలబడే తీరు అంతగా మారదు.

మొదట కాళ్లు చూడండి. నగ బరువుకు కిందికి జారి పాదం మీద వాలితే అది గొలుసు అల్లిక, అంటే పట్టీలు. వాటినే పట్టాగొలుసులు అని కూడా అంటారు. వెనకవైపు కొక్కెం ఉంటుంది, అంచున మువ్వలు వేలాడవచ్చు. అలా వాలకుండా గుండ్రటి ఆకారం చెడకుండా బిగుసుకుని ఉంటే కడియం అయ్యే అవకాశం ఎక్కువ. కొన్ని కడియాల రెండు కొసల మధ్య చిన్న సందు ఉంటుంది, ఆ కొసలను మొగ్గల్లా తీర్చుతారు. చిక్కంతా అందెల దగ్గరే వస్తుంది. అవీ కడియాల్లాగే కనిపిస్తాయి, కానీ లోపల బోలుగా ఉండి మోగడానికి గుండ్లు వేసి ఉంటాయి. ఫోటోలో చప్పుడు వినపడదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కమాట అడగండి: “నడిస్తే మోగేవా?” మోగేవంటే అందెలే.

నడుము దగ్గర పెద్దగా తికమక ఉండదు. చీర మీద వెడల్పుగా, బిళ్లలను కలిపి కట్టినట్టు ఉండి ముందు పెద్ద బిళ్ల కనిపిస్తే వడ్డాణం. సన్నగా తాడులా ఉంటే మొలతాడు. పెద్దవాళ్లు దాన్ని చీర లోపల కట్టుకుంటారు కాబట్టి ఫోటోల్లో ఎక్కువగా పసిపిల్లల ఒంటి మీదే కనిపిస్తుంది.

ముక్కుకి వస్తే, రెక్కకు అంటుకుని ఒక్క రాయో చిన్న పువ్వో ఉంటే ముక్కుపుడక. చుట్టులా తిరిగితే నత్తు. రెండు రంధ్రాల మధ్య గోడ నుంచి పై పెదవి మీదికి వేలాడితే బులాకీ. ఏ పక్కన పెట్టుకున్నారో చెప్పే ముందు ఫోటో తిరగబడిందేమో చూసుకోండి. పైట సాధారణంగా ఎడమ భుజం మీద ఉంటుంది. అది కుడి భుజం మీద కనిపిస్తే ఫోటో అద్దంలో బొమ్మలా మారిందేమో అనుమానించాలి.

నలుపు తెలుపు ఫోటోలో లోహం రంగు నమ్మకండి, వెలుగు పడితే వెండీ బంగారమూ ఒకేలా మెరుస్తాయి. మన ఇళ్లలో నడుము కిందికి బంగారం పెట్టుకోరు కాబట్టి కాలి నగ వెండిదేనని దాదాపు అనుకోవచ్చు. వడ్డాణం మాత్రం బంగారమో, వెండి మీద పూతో, నగ చేతికి వస్తే తప్ప చెప్పలేం. అసలు నగ ఇంట్లోనే ఉంటే వెనకవైపూ, మర లేదా కొక్కెం ఉన్న చోటూ దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.