బొటాక్స్‌తో కనుబొమ్మ లేస్తుందన్నారు, ఇంకా దిగింది: కేసు వేయవచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది హనుమకొండ. కనుబొమ్మల చివరలు వాలి కళ్లు బరువుగా కనిపిస్తున్నాయని హైదరాబాద్‌లోని ఒక క్లినిక్‌కి వెళ్లాను. "బొటాక్స్‌తో ఒక సెంటీమీటరు లేస్తుంది, ఆపరేషన్ చేసినట్టే ఉంటుంది" అని వాట్సాప్‌లో రాసి 18 వేలు తీసుకున్నారు. నుదుటిమీద, కళ్ల పక్కన ఇంజెక్షన్లు ఇచ్చారు. మూడు వారాలైంది, బొమ్మలు ఇంకా కిందికి దిగాయి. అడిగితే, "గ్యారంటీ లేదని సంతకం పెట్టారు కదా, సర్జరీ చేయించుకోండి" అంటున్నారు. డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: రాబట్టుకునే అవకాశం ఉందమ్మా. అయితే ఏ మాట మీద కేసు కడతారన్నదే ముఖ్యం. "ఆశించిన ఫలితం రాలేదు" అన్న ఒక్క ముక్కతో వేస్తే నిలవదు. ఫలితం బాగా రానంత మాత్రాన వైద్యుడు నిర్లక్ష్యం చేసినట్టు కాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీకు బలం వాట్సాప్‌లో ఉన్న ఆ 'సెంటీమీటరు'.

బొమ్మను పైకి లేపే కండరం నుదుటిది. బొమ్మ చివరను కిందికి లాగేది కంటి చుట్టూ ఉండే కండరం. బొటాక్స్ దేన్నీ పైకి ఎత్తదు, కిందికి లాగే కండరాన్ని కొన్నాళ్లు వదులు చేస్తుంది, అంతే. దాంతో బొమ్మ చివర సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు లేస్తుంది. ఆ ప్రభావం కూడా మూడు నాలుగు నెలలే. రెప్పమీద మిగిలిపోయిన చర్మం దానితో తగ్గదు. అలాంటప్పుడు సెంటీమీటరు లేస్తుందని చెప్పి డబ్బు తీసుకోవడం, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించవచ్చు.

ఇక బొమ్మలు ఎందుకు దిగాయన్నది. రెప్ప చర్మం బరువైనవాళ్లు తమకు తెలియకుండానే రోజంతా నుదురు ఎత్తి చూస్తుంటారు. ఆ నుదుటి కండరంలోనే మందు వేస్తే ఆసరా పోయి బొమ్మ దిగిపోతుంది. మీకూ ఇదే జరిగి ఉండవచ్చు. పాత ఫొటోల్లో నుదుటిమీద అడ్డగీతలు లోతుగా ఉన్నాయేమో చూడండి. అద్దం ముందు వేలితో బొమ్మ చివరను మెల్లగా పైకి లేపండి. అప్పటికీ చర్మం రెప్పవెంట్రుకల మీద వాలుతుంటే, మీ సమస్యలో రెప్ప చర్మం వాటా పెద్దదన్నమాట. ఇంజెక్షన్‌కు ముందే ఈ పరీక్ష చేశారా, ఈ ప్రమాదం చెప్పారా అన్నదే అసలు ప్రశ్న.

మీరు పెట్టిన సంతకం దీనికి అడ్డురాదు. వైద్యంలో ఉన్న ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు చెప్పి తీసుకున్నదే సరైన సమ్మతి అని సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. "గ్యారంటీ లేదు" అన్న ఫారం ఫలితంలో వచ్చే సహజమైన తేడాకు వర్తిస్తుంది, చెప్పకుండా దాచినదానికి కాదు.

ఇప్పుడు తొందరపడాల్సింది సాక్ష్యం కోసం. మందు ప్రభావం తగ్గేకొద్దీ మీకు జరిగిన నష్టం ముఖంమీద కనిపించకుండా పోతుంది. ఈ వారంలోనే పగటి వెలుగులో ఫొటోలు తీయించుకోండి: నుదురు వదులుగా వదిలి ఒకటి, ఎత్తి ఒకటి. కంటి ప్లాస్టిక్ సర్జరీ చేసే మరో వైద్యుడి దగ్గర కొలతలతో రిపోర్టు రాయించుకోండి. దిగింది బొమ్మా, రెప్పా అన్నది కూడా ఆయన తేలుస్తారు. రెప్పే దిగి ఉంటే కొంతమందికి చుక్కల మందు పనిచేస్తుంది. క్లినిక్‌ను రాతపూర్వకంగా రికార్డులు అడగండి. 2002 నాటి వైద్య నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ వైద్యుడు 72 గంటల్లో ఇవ్వాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్కడెక్కడ ఎన్ని యూనిట్లు, ఇచ్చిందెవరు అన్నవి అందులో ఉండాలి. ఇచ్చింది డాక్టరు కాకుండా బ్యూటీషియన్ అని తేలితే మీ కేసు మరింత గట్టిపడుతుంది.

ఆ తర్వాత 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందించకపోతే మీ నివాసం ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్లు. 18 వేలు, రెండో వైద్యుడి ఖర్చు, మనోవేదనకు కొంత అడగండి. లక్షలు వస్తాయని ఆశపడవద్దు. మూడు నాలుగు నెలల్లో సర్దుకునే నష్టానికి కమిషన్ ఆ మేరకే లెక్కగడుతుంది.

ఈలోగా ఏదైనా ఫంక్షన్ ఉంటే బొమ్మ తోకను పెన్సిల్‌తో కాస్త పైకి తేల్చి గీయించుకోవచ్చు. చూపుకి తేడా తెలుస్తుంది, చర్మం మాత్రం లేవదు.

సర్జరీకి ఇప్పుడే ఒప్పుకోకండి. బొమ్మను ఎత్తే ఆపరేషన్ వేరు, రెప్ప చర్మం తీసే ఆపరేషన్ వేరు. ఏది కావాలో మందు ప్రభావం పూర్తిగా పోయి బొమ్మ తన సొంత చోటికి వచ్చాకే సరిగా కొలవగలరు. ఎత్తే ఆపరేషన్‌తో నిజంగా తేడా వస్తుంది, కానీ మచ్చ, నుదుటి తిమ్మిరి, అరుదుగా నరం దెబ్బతినడం వంటివి ఉంటాయి. ఆ క్లినిక్‌లోనే ఇప్పుడు మళ్లీ ఏదైనా చేయించుకుంటే, మొదటి ఇంజెక్షన్ వల్ల ఏది, రెండోదాని వల్ల ఏది అన్నది కలగలిసిపోయి మీ ఫిర్యాదు బలహీనపడుతుంది.