సమాధానం: డైరెక్టర్లిద్దరూ అమెరికాలోనే ఉండొచ్చా?

"అన్నా, హనుమకొండలో ప్రైవేట్ లిమిటెడ్ పెడుతున్నాం. నేనూ తమ్ముడూ డల్లాస్‌లోనే ఉంటాం. మేమిద్దరమే డైరెక్టర్లయితే సరిపోతుందా? షేర్ల డబ్బు నాన్న ఖాతాకు పంపొచ్చా?"

సరిపోదు తమ్ముడూ. ఆర్థిక సంవత్సరంలో కనీసం 182 రోజులు ఇండియాలో ఉన్న డైరెక్టర్ ఒకరైనా ఉండాలి. పాస్‌పోర్ట్ ఏ దేశానిదని కాదు, ఉన్న రోజులే లెక్క. కొత్త కంపెనీకి ఆ లెక్క దామాషాలో తగ్గుతుంది: అక్టోబర్ 1న రిజిస్టర్ అయితే మార్చి 31 వరకు సుమారు 91 రోజులు చాలు. నాన్ననో బావనో మూడో డైరెక్టర్‌గా పెట్టండి, వాళ్లకు షేర్లు ఇవ్వక్కర్లేదు. కానీ సంతకం పెట్టే బాధ్యత నిజంగానే వాళ్లమీద పడుతుంది, ముందే విడమరిచి చెప్పండి.

డబ్బు మాత్రం నాన్న ఖాతాకు పంపొద్దు. నేను అదే తప్పు చేశాను. అది విదేశం నుంచి వచ్చిన పెట్టుబడి అని చూపే కాగితం బ్యాంకు నుంచి రాలేదు, నెలల తరబడి టెన్షన్. రేపు షేర్లు అమ్మిన సొమ్ము అక్కడికి తీసుకెళ్లాలనుకుంటే, మీ పేరుతోనే నేరుగా కంపెనీ ఖాతాకు పంపండి. డబ్బు అందాక 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, కేటాయించాక 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంక్ ఫర్మ్స్ పోర్టల్‌లో, విదేశీ పెట్టుబడికి షేర్లు ఇచ్చామని తెలిపే FC-GPR ఫారం వేయాలి. ఆలస్యమైతే ఫీజు పడుతుంది.