ముఖం మీది ముడతలు వయసువా, ఎండవా?

ప్రశ్న: పెద్దవాళ్ల ముఖం, చర్మం చూసి వయసు పోల్చుకోవాలని ప్రయత్నిస్తాను. పదేళ్లు, ఒక్కోసారి పదిహేనేళ్లు తేడా వస్తోంది. ఎక్కడ పొరపాటు పడుతున్నాను?

జవాబు: మీరు ఎక్కువగా చూస్తున్నది వయసును కాదు, ఎండను. నేను చెన్నైలో చర్మవైద్యురాలిని. ముఖం మీది ముడతలు, మచ్చలు, గరుకుదనంలో చాలా భాగం ఏళ్ల కొద్దీ పడిన ఎండ వల్ల వచ్చేవే. ఇది నాకు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను.

మదనపల్లె నుంచి కోయంబేడు మార్కెట్‌కు టమాటా లోడు తెచ్చే లారీ డ్రైవరు ఒకాయన, కుడి కణత మీద మచ్చ చూపించుకోవడానికి వచ్చారు. వెంట ఆయన అన్న ఉన్నారు. అన్న అదే మార్కెట్‌లో ఒక మండీలో కూర్చుని లెక్కలు రాస్తారు. మా సిస్టర్ డ్రైవరుగారికి కుర్చీ చూపిస్తూ, "పెద్దాయన్ని ముందు కూర్చోనివ్వండి" అంది. నిజానికి ఆయన వయసు 46, అన్నకు 49.

దగ్గరగా చూస్తే కారణం తెలిసిపోతుంది. కుడి కంటి కొస నుంచి కణత దాకా విసనకర్ర మడతల్లా లోతైన గీతలున్నాయి. కుడి చెంప మీద చర్మం మందంగా, మచ్చలు మచ్చలుగా ఉంది. ఎడమ వైపు గీతలు ఉన్నా అంత లోతు లేదు. మెడ వెనక అడ్డదిడ్డంగా చాళ్లు పడ్డాయి, కాలరు కిందికి వచ్చేసరికి అవి లేవు. చొక్కా చేయి పైకి మడిచి, జబ్బ లోపలి వైపు చూశాను. అక్కడ చర్మం నున్నగా, ఒకే రంగులో ఉంది. అన్న చేయి పక్కన పెడితే పెద్ద తేడా లేదు. ఎండ దాదాపు తగలని చోటు అది. వయసు గురించి ముఖం కంటే అదే నమ్మదగిన సాక్ష్యం ఇస్తుంది.

కుడి వైపే ఎందుకంటే, మన దేశంలో డ్రైవరు కూర్చునేది కుడి కిటికీ పక్కన. వాహనం ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది. పక్క అద్దానికి ఆ పొర ఉండదు, పైగా లారీలో అద్దం దించే ఉంటుంది. యూవీఏ చర్మం లోపలి పొర దాకా వెళ్లి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. అమెరికాలో 28 ఏళ్లు పాల వ్యాను నడిపిన ఒక డ్రైవరు ఫోటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అక్కడ స్టీరింగు ఎడమ వైపు కాబట్టి ఆయన ముఖంలో ఎడమ సగమే ముడతలు పడిపోయింది.

మా డ్రైవరుగారికి బీడీల అలవాటు కూడా ఉంది. కింది దవడ పళ్లు కొన్ని పోయాయి. పళ్లు పోయిన చోట దవడ ఎముక అరుగుతుంది, చెంపలు లోపలికి పీక్కుపోతాయి. చూసేవాళ్లు వీటన్నిటినీ కలిపి వయసు ఖాతాలో వేసేస్తారు.

అన్న విషయంలో పొరపాటు రెండో వైపు జరిగింది. ఆయన జుట్టుకు రంగు వేసుకుంటారు. చెంపల్లో కండ ఉంది, లోపలి కొవ్వు చర్మాన్ని పైకి నిలబెట్టడంతో గీతలు తేలవు. అందుకే నలభై అంటే ఎవరైనా నమ్ముతారు. ఆరు నెలల్లో బరువు బాగా తగ్గితే అదే ముఖం ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు కనిపిస్తుంది.

మన చర్మానికి ఇంకో చిక్కు ఉంది. మెలనిన్ ఎక్కువ కాబట్టి తెల్లవారికంటే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి, నల్ల మచ్చలు మాత్రం ముందే వస్తాయి. చెంపల మీద నల్లటి చిన్న బొడిపెలు కొన్ని కుటుంబాల్లో ఇరవైల్లోనే మొదలవుతాయి. వాటిని చూసి వయసు కలపకండి.

ఎండతో అంతగా సంబంధం లేని గుర్తు ఒకటి చెబుతాను. వయసుతో పై పెదవి పొడవై కిందికి జారుతుంది. ముప్పైల్లో ఉన్నవారు మాట్లాడుతుంటే పై పళ్లు కనిపిస్తాయి, అరవైల్లో ఉన్నవారిలో కింది పళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. కట్టుడు పళ్లు ఉన్నా, పుట్టుకతోనే పెదవి పొడవుగా ఉన్నా ఇదీ పనికిరాదు. కాబట్టి ఒకే సంఖ్య చెప్పకుండా పదేళ్ల పరిధి చెప్పండి. మీకు వీలైతే ముఖం కుడి, ఎడమలను పోల్చి, ఆ మనిషి పని ఎండలోనా, నీడలోనా అని అడిగాక చెప్పండి. నా దగ్గర మందు వయసును బట్టి మారుతుంది కాబట్టి, నేను ఊహించను, పుట్టిన సంవత్సరమే అడుగుతాను.