పై ఇంట్లో పార్టీ, కింద ఇంట్లో మనం

"స్టాక్‌హోమ్ వచ్చి నాలుగు నెలలైంది. పై ఫ్లాట్‌లో ప్రతి శుక్రవారం పార్టీ. గొడవకి వచ్చినట్టు కాకుండా స్నేహంగా, స్వీడిష్‌లోనే సౌండ్ తగ్గించమని ఎలా అడగాలి?"

గోథెన్‌బర్గ్‌లో అద్దెకున్న మొదటి ఏడాది నేనూ ఇదే పడ్డాను. పై ఇంట్లో ముగ్గురు కుర్రాళ్లు. పాట వినపడేది కాదు, బేస్ మాత్రం సీలింగ్‌లోంచి దబ్ దబ్ మని దిగేది. ఒక రాత్రి ఒంటిగంట దాకా పళ్లు బిగబట్టుకుని, యాప్‌లో నేర్చుకున్న స్వీడిష్ అంతా కూడగట్టుకుని మెట్లెక్కాను. తలుపు తీసిన అబ్బాయితో "నీ స్తోర్ మేయ్. స్నెల్లా, స్లూతా" అన్నాను. మీరు నన్ను డిస్టర్బ్ చేస్తున్నారు, ప్లీజ్, ఆపండి. నా లెక్కలో ఇది చాలా మర్యాద. "నీ" అంటే మీరు, "స్నెల్లా" అంటే ప్లీజ్, ఇంకేం కావాలి?

ఆ అబ్బాయి ముఖం బిగుసుకుపోయింది. "ఓకే" అని తలుపేశాడు. సౌండ్ తగ్గింది. కానీ తర్వాత రెండు నెలలు, బట్టలుతికే గదిలో ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయేవాడు. (ఆ ఉతికే గది స్లాట్ల గురించి అడగకండి, అది వేరే పురాణం.)

ఎక్కడ చెడిందో ఆఫీసులో ఒక పెద్దావిడ విడమరిచి చెప్పింది. "స్నెల్లా" మన "ప్లీజ్" అంత తేలికైన మాట కాదట. ఐస్‌క్రీమ్ కోసం పిల్లలు అమ్మని బతిమాలేటప్పుడు ఎక్కువగా వాడే మాట. దాని పక్కనే "స్లూతా", అంటే ఆపు అని పెడితే చిరాకుపడి గదమాయించినట్టు ఉంటుందంది. ఇక "నీ" గౌరవ వాచకం అనుకోవడం మన తెలుగు బుర్ర చేసే పని. 1960ల చివర్లోనే అక్కడ అందరూ అందర్నీ "ద్యూ", అంటే నువ్వు, అనడం మొదలుపెట్టారు. 1967లో బ్రూర్ రెక్సెడ్ అనే ప్రభుత్వ వైద్య శాఖ అధిపతి తన సిబ్బందితో, ఇకపై అందరం "ద్యూ" అనుకుందాం అన్నాడు. ఆ మార్పుకి ఆయన పేరే చెబుతారు. కాబట్టి ఒక్కరుంటే "ద్యూ", పార్టీలో గుంపు ఉంటే బహువచనంగా "నీ". మర్యాద ఆ మాటలో లేదు.

మరి ఎక్కడుంది? నన్నడిగితే రెండు చోట్ల. "స్తోర్", అంటే డిస్టర్బ్ చేయడం అనే మాటని ఎదుటివాళ్ల మీద వేయకూడదు, మన మీదే వేసుకోవాలి. తప్పేమో బిల్డింగ్ మీదకి నెట్టాలి. దీనికి వాళ్లకో బంగారం లాంటి మాట ఉంది: "ల్యూహోర్త్". చప్పుడు గోడలు దాటి ఇట్టే వినిపించే ఇంటిని అలా అంటారు. ఎవరికీ కోపం తెప్పించని ఫిర్యాదు.

మళ్లీ పార్టీ జరిగిన రోజు రాత్రి పదిన్నరకే, నాకింకా కోపం రాకముందే, పైకి వెళ్లాను. ఇలా అన్నాను:

"హేయ్! ఫొర్‌లోత్ అత్ యా స్తోర్. యా బూర్ హేర్ ఉందర్." హాయ్, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ, కింద ఇంట్లో ఉంటాను.

"దే ఎ గాన్‌స్కా ల్యూహోర్త్ ఈ హ్యూసెత్, సో బాసెన్ హోర్ష్ నేర్ తిల్ మేయ్." ఈ బిల్డింగ్‌లో చప్పుడు బాగా వినిపిస్తుంది కదా, బేస్ నా దాకా వస్తోంది.

"స్కుల్లె నీ కున్నా సెంకా లీతె? యా స్కా ఉప్ తీదిత్ ఇమొర్రొన్." కాస్త తగ్గించగలరా? రేపు పొద్దున్నే లేవాలి.

"స్కుల్లె... కున్నా" అంటే మన "...గలరా" లాంటిది, "లీతె" అంటే కాస్త. ప్లీజ్ చేసే పనంతా ఈ రెండే చేస్తాయి. వెళ్లిపోతూ "తాక్! హా ఎన్ ఫూర్త్‌సత్ త్రేవ్లి క్వెల్" అన్నాను. మిగతా సాయంత్రం కూడా సరదాగా గడవాలి అని. పార్టీ ఆపమనడం లేదని వాళ్లకి తెలిసేది ఈ చివరి మాటతోనే, దాన్ని మాత్రం వదలకండి.

ఆ అబ్బాయి "ఓయ్, ఫొర్‌లోత్!" అని లోపలికి తిరిగి ఏదో అరిచాడు. నేను మెట్లు దిగేలోపే దబ్ దబ్ ఆగింది.

ఇంకో మాట. మా బిల్డింగ్ రూల్స్‌లో రాత్రి పది తర్వాత నిశ్శబ్దం అని ఉంది, చాలా బిల్డింగుల్లో ఇలాంటిదే ఉంటుంది. అద్దె కంపెనీకి రాత్రిపూట "స్తోర్నింగ్స్‌షూర్" అనే ఫిర్యాదుల నంబర్ కూడా ఉండొచ్చు. మొదటిసారే దానికి ఫోన్ చేయకండి. మన వాళ్లు కొందరు ఎదురుపడటానికి మొహమాటపడి నేరుగా అక్కడికే చేస్తారు. అది చెట్టు కింద గొడవని తిన్నగా కోర్టుకెక్కించడమే. తలుపు దగ్గర అడిగినా మూడుసార్లు వినకపోతే అప్పుడు చేయండి.

తర్వాతి నెల మెట్ల దగ్గర ఒక కాగితం అంటించారు: శనివారం పార్టీ, ఎక్కువైతే వచ్చి చెప్పండి అని. కింద పెన్నుతో, "కింద ఇంటివాళ్లు పైకి కూడా రావచ్చు" అని రాసి ఉంది. వెళ్లాను. చిప్స్ బాగున్నాయి, మ్యూజిక్ మాత్రం దగ్గర్నుంచి విన్నా నచ్చలేదు.