డిపాజిట్ కట్టే ముందు రిజిస్టర్లో అడ్రసు చూడు

తమ్ముడూ, బెంగళూరు వచ్చి నెల కాకముందే ఉద్యోగమిస్తామన్న కంపెనీ యాభై వేలు ట్రైనింగ్ డిపాజిట్ కట్టమంటోందని రాశావు. వెబ్‌సైట్‌లో వైట్‌ఫీల్డ్ బిల్డింగ్ ఫోటో ఉంది కాబట్టి నమ్మొచ్చా అన్నావు. కొత్తగా వచ్చిన మనవాళ్లంతా పడేది ఇక్కడే. వెబ్‌సైట్‌లో ఏ అడ్రసైనా రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. ప్రభుత్వ రిజిస్టర్లో అడ్రసు ఎక్కాలంటే మాత్రం అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు లాంటి కాగితాలు పెట్టాలి.

ముందు ఆఫర్ లెటర్ తియ్యి. లెటర్‌హెడ్ మీద కంపెనీ పూర్తి పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, సీఐఎన్ ఉండాలని కంపెనీల చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. సీఐఎన్ అంటే కంపెనీ గుర్తింపు సంఖ్య, 21 అక్షరాల, అంకెల వరస. నీ లెటర్లో ఉన్నది ఇలా ఉంది, చివరి ఆరు అంకెలు దాచాను:

```
U78100TN2022PTC######
```

ఏడు, ఎనిమిది స్థానాల్లోని TN చూడు. రిజిస్టర్డ్ ఆఫీసు తమిళనాడులో ఉందన్నమాట, కర్ణాటక అయితే KA ఉండేది. ఆ పక్కన 2022 కంపెనీ పుట్టిన సంవత్సరం. వాళ్ల సైటేమో "2009 నుంచి బెంగళూరులో" అంటోంది. అంతమాత్రాన మోసమని తేల్చేయకు. తమిళనాడులో రిజిస్టరై ఇక్కడ బ్రాంచి పెట్టుకోవచ్చు, 2022కి ముందు భాగస్వామ్య సంస్థగా నడిచి ఉండొచ్చు. కానీ ఆ మాట వాళ్లే చెప్పాలి, నువ్వు అడగాలి.

ఇప్పుడు ఆ రిజిస్టర్ ఉండే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ సైటు mca.gov.in తెరువు. MCA Servicesలో కంపెనీ మాస్టర్ డేటా చూసే చోటుంది, డబ్బు కట్టక్కర్లేదు. లాగిన్ అడిగితే ఖాతా తెరుచుకో. సీఐఎన్‌తో ఒకసారి, ఆఫర్ లెటర్లోని పేరుతో ఇంకోసారి వెతుకు. రెండుసార్లు ఎందుకంటే, మోసగాళ్లు ఏదో నిజమైన కంపెనీ సీఐఎన్ తెచ్చి తమ సైటు అడుగున అతికిస్తారు. అప్పుడు నంబరు నిజమే, పేరే వేరు. "టెక్నాలజీస్" ఉండాల్సిన చోట "టెక్" ఉన్నా అది వేరే కంపెనీ కిందే లెక్క.

వచ్చిన పేజీలో Registered Address, దాంతోపాటు Company Status చదువు. Strike Off అని ఉంటే కంపెనీని రిజిస్టర్ నుంచి కొట్టేశారన్నమాట, రూపాయి కూడా కట్టకు. అసలు రికార్డే దొరక్కపోతే అది ప్రొప్రయిటర్‌షిప్పో, మామూలు భాగస్వామ్యమో కావచ్చు, అవి ఈ రిజిస్టర్లో ఉండవు. కానీ పేరు చివర "ప్రైవేట్ లిమిటెడ్" తగిలించుకుని ఇక్కడ లేకపోతే అది అబద్ధం.

రికార్డులో అడ్రసు ఉన్నంత మాత్రాన అక్కడ మనుషులు ఉన్నట్టు కాదు. చిన్న కంపెనీలకు చాలాసార్లు అది డైరెక్టర్ ఇల్లో, అద్దెకిచ్చే వర్చువల్ ఆఫీసో అవుతుంది. ఈమధ్యే మారి ఉంటే రికార్డు పాతదీ కావచ్చు, మార్పు తెలపడానికి చట్టం 30 రోజుల గడువిస్తుంది. అందుకే రికార్డులోని అడ్రసు చెన్నైదైతే అక్కడున్న మనవాళ్లెవరినైనా పంపు, నువ్వు వైట్‌ఫీల్డ్ వెళ్లు. వ్యాపారం నడిచే ప్రతి చోటా బయట కంపెనీ పేరు, రిజిస్టర్డ్ అడ్రసు ఉన్న బోర్డు ఉండాలి, స్థానిక లిపిలో కూడా. వైట్‌ఫీల్డ్‌లో కన్నడంలో, చెన్నైలో తమిళంలో ఉండాలి. రిసెప్షన్‌లో రోజువారీ కుర్చీలు అద్దెకిచ్చే సంస్థ బోర్డే కనిపిస్తే, వీళ్లు ఎన్ని నెలలకు కట్టారో కనుక్కో.

చివరగా, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా పేరు చూడు. అది రిజిస్టర్లోని కంపెనీ పేరే అయి ఉండాలి. ఎవరో మనిషి పేరు మీద ఉంటే, పై అడ్రసులన్నీ సరిపోయినా కట్టకు.