సగటుతో పోల్చి తప్పు టోటల్‌ని ముందే ఆపడం: మా మిర్చి లెక్కల అనుభవం

ప్రశ్న: మా దగ్గర రోజూ రాత్రి ఎక్సెల్ షీటు దానంతట అదే రిఫ్రెష్ అయ్యి ఓనర్లకు, పార్టీలకు మెయిల్ వెళ్ళిపోతుంది. పోయిన వారం ఒక తప్పు టోటల్ అలాగే వెళ్ళిపోయింది. పాత రోజుల సగటుతో పోల్చి ముందే ఆపాలనుకుంటున్నాం. ఎన్ని రోజుల సగటు తీసుకోవాలి, ఎంత తేడా వస్తే ఆపాలి?

జవాబు:

నేను గుంటూరులో ఒక మిర్చి కొనుగోలు ఆఫీసులో లెక్కలు చూస్తాను. ఇదే దెబ్బ మేమూ తిన్నాం కాబట్టి చెప్తున్నాను. ఎంత శాతం పెట్టాలన్నది తర్వాతి మాట. దేనితో పోలుస్తున్నామన్నది తప్పితే ఏ శాతం పెట్టినా లాభం లేదు.

మా పద్ధతి ఇలా ఉండేది. యార్డులో కాటా అయ్యాక గుమస్తా గారు చీటీలన్నీ తెచ్చి సాయంత్రం ఒక ఫైల్లో ఎక్కిస్తారు. అది ఒక ఫోల్డర్‌లో పడుతుంది. రాత్రి 8 గంటలకు ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళన్నిటినీ కలిపి ఆ రోజు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొన్నామో టోటల్ వేస్తుంది, మెయిల్ పోతుంది. ఫిబ్రవరిలో ఒక బుధవారం 2,290 టిక్కీలని వెళ్ళింది. మామూలుగా మేం కొనేది 1,100 – 1,200. పొద్దున్నే బయటి రాష్ట్రం పార్టీ ఫోను: "ఏంటండీ, ఒక్కరోజులో డబుల్ కొన్నారు, రేటు ఎక్కుతోందా?" ఓనరు గారి ముఖం చూడాల్సింది.

ఫోల్డర్ తెరిస్తే విషయం తెలిసిపోయింది. `purchase_0212.xlsx` పక్కనే `purchase_0212_final.xlsx` కూడా ఉంది. మొదటి దాంట్లో 1,140. పది టిక్కీల చీటీ ఒకటి తర్వాత దొరికితే గుమస్తా గారు సరిచేసి 1,150తో రెండోది సేవ్ చేశారు, పాతది తీయలేదు. ఆయన్ని అని లాభం లేదు. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ కలపమని చెప్పింది మేమే.

వెంటనే నేను చేసిన పని, బహుశా మీరూ చేయబోయేది, గత 8 రోజుల సగటు తీసి, దానికి మూడు స్టాండర్డ్ డీవియేషన్ల అవతల ఉంటే ఆపమని పెట్టాను. రోజువారీ అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం పోతాయో చెప్పే కొలతే ఈ డీవియేషన్. సరిచూద్దామని ఆ బుధవారం లెక్కే మళ్ళీ నడిపితే అది 2,290ని హాయిగా వదిలేసింది! ఒక పూట తల పట్టుకున్నాక అర్థమైంది. కొత్త టోటల్‌ని కూడా ఆ ఎనిమిదిలో కలిపేశాను. ఎనిమిది అంకెల్లో ఒకటి ఎంత విడ్డూరంగా ఉన్నా, సగటునీ డీవియేషన్‌నీ తనవైపు లాక్కుంటుంది. ఎనిమిది అంకెలతో ఏదీ 2.48 డీవియేషన్లకు మించి దూరం పోలేదు, గణితమే ఒప్పుకోదు. మూడు దాటాలంటే కనీసం 11 అంకెలు ఉండాలి. అంటే నా కాపలాదారు పుట్టుకతోనే గుడ్డివాడు.

కాబట్టి మొదటి మాట: పోల్చే లెక్కలో కొత్త రోజు ఉండకూడదు. నిన్నటి వరకే తీసుకోవాలి.

అయినా ఇంకో గొయ్యి ఉంది. ఒక తప్పు టోటల్ ఒకసారి దాటిపోయిందంటే, మర్నాటి నుంచి అదీ 'పాత రోజుల్లో' ఒకటైపోతుంది. మా అంకెలే చూడండి. ఆ బుధవారానికి ముందు ఎనిమిది రోజులు (సోమవారాలు తీసేసి, వాటి సంగతి కింద చెప్తాను):

```
1120  1060  1190  1240  1150  1210  1080  1180
```

సగటు 1,154. ఇప్పుడు మొదటి 1120 పోయి చివర 2290 చేరిందనుకోండి. సగటు 1,300 అవుతుంది, అది పెద్ద విషయం కాదు. డీవియేషన్ మాత్రం 405కి పోతుంది. మూడు రెట్లు అటూ ఇటూ వేస్తే హద్దులు 86 నుంచి 2,514. అంటే మర్నాడు మళ్ళీ డబుల్ పడి 2,300 వచ్చినా సరే, సగం ఫైలే వచ్చి 560 అన్నా సరే, అంతా బాగానే ఉందంటుంది. ఆ ఒక్క తప్పు ఎనిమిది రోజుల పాటు కాపలాని నిద్రపుచ్చుతుంది.

అందుకే సగటు వదిలేసి మీడియన్‌కి మారాను. అంకెల్ని వరసగా పేర్చి నడిమిది తీయడమే, సరి సంఖ్యలో ఉంటే నడిమి రెండింటి సగటు. పై ఎనిమిదికి మీడియన్ 1,165. ఒక్కో రోజు దానికి ఎంత దూరంలో ఉందో తీసి, ఆ దూరాలకు మళ్ళీ మీడియన్ తీస్తే 45. దీన్నే ఎంఏడీ అంటారు. మామూలు డీవియేషన్ కొలతలోకి తేవడానికి 1.4826తో గుణిస్తారు, దానికి మూడున్నర రెట్లు హద్దు వేస్తే సుమారు 233. అంటే 932 నుంచి 1,398 మధ్య వస్తే పోనివ్వడం, లేకపోతే ఆపడం. ఇప్పుడు అదే 2290ని పాత రోజుల్లో కలిపి చూడండి. మీడియన్ 1,185, ఎంఏడీ మళ్ళీ 45. హద్దులు 952 నుంచి 1,418. తప్పు లోపలికి దూరినా కాపలా చెక్కుచెదరలేదు.

ఎక్సెల్‌లో ఇంతే. B2:B9లో పాత రోజులు, C1లో కొత్త టోటల్. కింది మూడూ వరసగా D1, D2, D3లో:

```
=MEDIAN(B2:B9)
=MEDIAN(ABS(B2:B9-D1))
=IF(ABS(C1-D1)<=MAX(3.5*1.4826*D2,0.15*D1),"OK","HOLD")
```

పాత ఎక్సెల్ అయితే రెండోదానికి `Ctrl+Shift+Enter` కొట్టాలి. మూడోదాంట్లో 0.15 ఎందుకంటే, కొన్ని వారాలు కొనుగోళ్ళు దాదాపు ఒకేలా నడుస్తాయి. అప్పుడు ఎంఏడీ ఐదో ఆరో అయిపోయి, నలభై టిక్కీల తేడాకే గగ్గోలు పెడుతుంది. మీడియన్‌లో 15 శాతం లోపు తేడాకి ఆపవద్దని ఆ ముక్క పెట్టాను. మీ సరుకుని బట్టి అది మార్చుకోండి.

ఇక సోమవారం. గుంటూరు యార్డుకి శని, ఆదివారాలు సెలవు. సోమవారం సరుకు పోటెత్తుతుంది, మేమూ ఎక్కువ కొంటాం, 1,700 పైనే. మొదట్లో నేను అన్ని రోజులూ కలిపి పోల్చాను. ప్రతి సోమవారం ఆగిపోయేది. మూడో సోమవారానికల్లా మా కుర్రాడు చూడకుండానే "ఓకే" నొక్కడం మొదలుపెట్టాడు. నిజంగా తప్పు వచ్చిన రోజు కూడా అలాగే నొక్కేవాడు కదా.

సోమవారాలను సోమవారాలతోనే పోల్చమంటారు కొందరు. వినడానికి బాగుంది కానీ ఎనిమిది సోమవారాలంటే రెండు నెలలు. జనవరి మొదట్లో సరుకుకీ మార్చి సరుకుకీ పొంతనే ఉండదు. నేను చేసింది, సోమవారం టోటల్‌ని అంతకుముందు మంగళ–శుక్ర మీడియన్‌తో భాగించడం. గత ఐదు సోమవారాలకు మాకు 1.48, 1.55, 1.42, 1.51, 1.46 వచ్చాయి. నడిమిది 1.48. కాబట్టి 1,165 మీద సోమవారానికి సుమారు 1,724 ఎదురుచూడొచ్చు. C1తో పోల్చేటప్పుడు D1 బదులు దీన్ని, హద్దుని కూడా అదే 1.48తో పెంచి వాడతాను. సరుకు పెరిగినా తగ్గినా ఆ నిష్పత్తి మరీ అటూ ఇటూ పోలేదు.

ఆపడం ఎక్కడ అన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. రిఫ్రెష్ అయిన షీటులోనే హెచ్చరిక రంగు పెడితే, అది మెయిల్‌తో పాటు పార్టీకి కూడా వెళ్తుంది. మాకిప్పుడు రెండు షీట్లు. రిఫ్రెష్ ఒక లోపలి షీటుని మాత్రమే నింపుతుంది. `OK` వస్తేనే స్క్రిప్టు ఆ వరసని బయటికి వెళ్ళే షీటులోకి కాపీ చేస్తుంది. `HOLD` అయితే బయటి షీటు నిన్నటి అంకెతో, నిన్నటి తేదీతో అలాగే ఉంటుంది. నాకు, గుమస్తా గారికి మాత్రం మెసేజ్ వస్తుంది. తేదీ తప్పకుండా కనిపించాలి, లేకపోతే నిన్నటి అంకెని ఇవాళ్టిదనుకుంటారు. ఫైలే రాకపోతే దాన్ని సున్నాగా రాయకండి, ఆ రోజు వరసే వద్దు. ఒక్క అబద్ధపు సున్నా పాత రోజుల్లో చేరితే దాన్ని వెతికి పట్టుకోవడం పెద్ద తలనొప్పి. ఆగిన రోజు నిజమని తేలితే అలాగే, తప్పని తేలితే సరిచేసిన అంకె పాత రోజుల్లో చేరుతుంది. తప్పు అంకె మాత్రం ఎప్పటికీ చేరదు.

మెసేజ్‌లో కొత్త టోటల్‌ని మీడియన్‌తో భాగించిన అంకె కూడా పెట్టుకోండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. 2కి దగ్గరగా ఉంటే ఫైలు రెండుసార్లు పడింది. 0.5 చుట్టుపక్కల ఉంటే సాయంత్రం చీటీలు ఇంకా ఎక్కలేదు. 0.4 – 0.45 అయితే మాకు ఒక్కటే కారణం: ఎవరో టిక్కీల బదులు క్వింటాళ్ళు వేశారు. టిక్కీ 40 – 45 కిలోలు ఉంటుంది కాబట్టి లెక్క అక్కడికే వస్తుంది. ఉన్నట్టుండి కొంత తగ్గి, ఫైల్లో చూస్తే వరసలన్నీ ఉంటే, అంకెలు టెక్స్ట్‌గా పడ్డాయేమో చూడండి. `SUM` టెక్స్ట్‌ని లెక్కలోకే తీసుకోదు, తప్పని కూడా చెప్పదు.

టోటల్ ఒక్కటే చూస్తే తప్పించుకునేవీ ఉన్నాయి. ఒకసారి మాకు టోటల్ 1,172, అంతా బ్రహ్మాండం. కానీ తేజా రకం కొన్నదంతా 334 అనే ఇంకో మిర్చి రకం కింద ఎక్కిపోయింది. తేజా సున్నా, 334 రెట్టింపు. ఏ రకం ఎంత కొన్నామో చూసి రేటు మాట్లాడే పార్టీకి అది డబుల్ టోటల్ కంటే పెద్ద తప్పు. అప్పటి నుంచి ఎక్కువగా కొనే నాలుగు రకాలకు విడివిడిగా ఇదే పరీక్ష పెట్టాను. చిల్లర రకాలకు పెట్టలేదు. తాలు కాయ లాంటివి ఒకరోజు పది, ఒకరోజు వంద, ఊరికే మోగుతుంది.

ముప్పై నలభై టిక్కీల చీటీ ఒకటి జారిపోతే ఇది పట్టుకోదు. 1,165 మీద నలభై అంటే మూడున్నర శాతం, రోజువారీ ఊగిసలాటలోనే కలిసిపోతుంది. హద్దు బిగించి దాన్ని పట్టాలని చూడకండి, మళ్ళీ సోమవారాల కథే అవుతుంది. దానికి మేం వేరేగా చీటీల సంఖ్య రాస్తాం. కాటా దగ్గర ఇచ్చిన చీటీలు ఎన్ని, ఫైల్లో ఎక్కిన వరసలు ఎన్ని. రెండూ సమానం కాకపోతే టోటల్ ఎంత అందంగా ఉన్నా మెయిల్ వెళ్ళదు.

సంక్రాంతి తర్వాత, వేసవి సెలవుల తర్వాత యార్డు తెరిచినప్పుడు మాత్రం మొదటి మూడు నాలుగు రోజులు అన్నీ `HOLD`లోనే పెట్టి, నేనూ గుమస్తా గారూ కూర్చుని చేత్తో చూసి వదులుతాం. పాత ఎనిమిది రోజులు సెలవులకు ముందువి, అవి ఇప్పటి సరుకుకి సాక్ష్యం చెప్పలేవు.

మీ టోటల్ ఏ సరుకుది, వారంలో ఏ రోజు పెద్దది అన్నది కింద రాస్తే, సోమవారం నిష్పత్తి లాంటిది మీకు అవసరమో కాదో చెప్తాను.